కర్చీఫ్ వేసి మాయమైపోయేవాళ్ళు: బ్యాడ్మింటన్ కోర్టు బుకింగ్ మీద నా గోల

క్లబ్బులో కోర్టు దొరకట్లేదని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, రెండు సలహాలు రెడీగా ఉంటాయి. ఇంకో కోర్టు కట్టండి అనేది మొదటిది, బుక్ చేసి రానివాళ్ళకి ఫైన్ వెయ్యండి అనేది రెండోది. హైదరాబాద్‌లో మాదొక మామూలు కాలనీ క్లబ్బు, నేను స్పోర్ట్స్ కమిటీలో ఉన్నా, ఈ రెండు సలహాలూ ప్రతి మీటింగులోనూ వింటా. మొదటిదానికి స్థలం లేదు, డబ్బు లేదు, అది వదిలెయ్యండి. రెండోదే నాకు అసలు నచ్చదు, ఎందుకు నచ్చదో, దాని బదులు ఏం చెయ్యాలో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు లెక్క చూద్దాం. మావి మూడు ఇండోర్ కోర్టులు. అసలు రద్దీ అంతా సాయంత్రం ఆరు నుంచి పది దాకా, గంటకో స్లాట్, అంటే రోజుకి పన్నెండు, వారానికి 84. అందరూ డబుల్సే ఆడతారు కాబట్టి స్లాటుకి నలుగురు, మొత్తం 336 మందికి చోటు. సాయంత్రం రెగ్యులర్‌గా ఆడాలనుకునేవాళ్ళు ఓ 150 మంది ఉన్నారనుకోండి, మనిషికి వారంలో రెండుసార్లు వేసుకున్నా 300 చోట్లు, అంటే 75 స్లాట్లు. సరిపోవాలి కదా? సరిపోగా ఇంకా తొమ్మిది మిగలాలి! ఇప్పుడు రోజుకి రెండు స్లాట్లు ఎవరూ రాక ఖాళీగా పోయాయనుకుందాం. వారానికి పద్నాలుగు పోయాయి, మిగిలింది 70, అంటే 280 చోట్లు. ఇరవై మందికి ఆట లేదు. ఆ ఇరవై మందే గ్రూపులో వచ్చి ఇంకో కోర్టు కట్టండి అని అరిచేది. ఖాళీగా ఉన్న కోర్టు మాత్రం ఎవరి కంటా పడదు, ఎందుకంటే బుకింగ్ స్క్రీన్ మీద అది ఎర్రగా, ఫుల్ అనే కనిపిస్తుంది, అది చూసి ఇంట్లోనే ఆగిపోయినవాడికి అక్కడ నెట్టు ఒక్కటే ఉందని ఎలా తెలుస్తుంది.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనందరికీ తెలిసిందే, ఇక్కడ కర్చీఫ్ వేసినవాడు బస్సే ఎక్కట్లేదు, అదీ తేడా. సరే, కర్చీఫ్ వెయ్యడం ఇంత ఈజీ ఎందుకైందో చూడాలి.

మా పాత రూల్ ప్రకారం ఒక్కో మెంబరు పీక్ టైములో వారానికి రెండు బుకింగులు చేసుకోవచ్చు. వినడానికి చాలా న్యాయంగా ఉంది. ఇప్పుడు నలుగురు ఫ్రెండ్స్ ఉన్న ఒక గ్యాంగ్‌ని తీసుకోండి, నలుగురికీ తలా రెండు, మొత్తం ఎనిమిది. వారానికి సాయంత్రాలు ఏడే. అంటే ఆ గ్యాంగ్ రోజూ రాత్రి ఎనిమిదింటి కోర్టు పట్టుకుని, ఇంకోటి స్పేర్‌గా కూడా ఉంచుకోవచ్చు, రూల్ ఎక్కడా తప్పలేదు! ఫ్యామిలీ మెంబర్‌షిప్ అయితే ఇంకా బాగుంటుంది, జన్మలో రాకెట్ పట్టుకోని అత్తగారి ఐడీ మీద కూడా బుకింగులు పడతాయి. లిమిట్ మనిషికి పెట్టాం అనుకున్నాం, నిజానికి బుక్ బటన్ నొక్కే వేలికి పెట్టాం.

దీనికి మందు ఏంటంటే బుకింగులో ఆడేవాళ్ళందరి పేర్లూ ఉండాలి, ప్రతి పేరు కోటాలోంచీ ఒకటి పోవాలి, ఎవరు బుక్ చేశారన్నది అనవసరం. అప్పుడు ఆ నలుగురి గ్యాంగ్‌కి వారానికి రెండే ఆటలు వస్తాయి, ఎనిమిది కాదు. పేరు ఇరికించినవాడి ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలి, వాడు సరే అని నొక్కాకే ఆ పేరు లెక్కలోకి రావాలి, లేకపోతే నన్నడక్కుండా నా కోటా తినేశాడని మళ్ళీ పంచాయితీ.

ఇంకో మార్పు కూడా కావాలి, దీనికే నేను ఎక్కువ కొట్లాడాను. వారానికి రెండు అని కాకుండా ఏ టైములో చూసినా చేతిలో ఆడని బుకింగులు రెండే ఉండాలి అని పెట్టాలి. చూడ్డానికి ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. వారానికి రెండు అంటే సోమ, మంగళవారాలు ఆడేసినవాడు శుక్రవారం కోర్టు ఖాళీగా ఉన్నా ఆడలేడు, ఇదేం శిక్ష? చేతిలో రెండే అంటే సోమవారం ఆట అయిపోగానే ఇంకోటి బుక్ చేసుకోవచ్చు, ఓపిక ఉంటే, దొరికితే, రోజూ ఆడొచ్చు. ముందుగా ఆపుకుని పెట్టుకోవడానికే లిమిట్, ఆడుకోవడానికి కాదు. ఆట మొదలవడానికి రెండు గంటల ముందు ఇంకా ఖాళీగా ఉన్న స్లాటుకైతే ఏ లిమిటూ ఉండకూడదు, ఎవడైనా వచ్చి ఆడుకోనీ.

ఇక ఎన్ని రోజుల ముందు బుకింగ్ తెరవాలి అనేది. మాకు ఏడు రోజులు ఉండేది. వచ్చే గురువారం సాయంత్రం ఏడింటికి నేను ఎక్కడుంటానో నాకే తెలీదు, ప్రొడక్షన్ ఇష్యూ రావచ్చు, పెళ్ళి రిసెప్షన్ ఉండొచ్చు, కానీ స్లాట్ పోతుందేమో అని బుక్ చేసి పడేస్తా. దూరంగా ఉన్న రోజుకి చేసే బుకింగ్ సగం ఆశ, సగం భయం. మన రైల్వేవాళ్ళు కూడా ఇదే చూశారు, 2024 నవంబరు 1 నుంచి అడ్వాన్స్ రిజర్వేషన్‌ని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు, దానికి వాళ్ళు చెప్పిన కారణాల్లో ఇదొకటి, 61 నుంచి 120 రోజుల ముందు చేసుకున్న టికెట్లలో దాదాపు 21 శాతం క్యాన్సిల్ అవుతున్నాయి, ఇంకో ఐదు శాతం మంది క్యాన్సిలూ చెయ్యట్లేదు, ఎక్కనూ ఎక్కట్లేదు. రైలు బెర్తుకే అలా ఉంటే సాయంత్రం షటిల్ గేముకి ఏడు రోజులు ఎందుకండీ. మూడు రోజులు చాలు. ఊరెళ్ళి వచ్చేవాళ్ళకి ఇబ్బంది అన్నారు కొందరు. ఉంటుంది, కాదనను, కానీ ఆ ఇబ్బంది కోసం మిగతా అందరూ వారం ముందు జాతకం చూసుకుని బుక్ చెయ్యాలా?

ఇప్పుడు రాకపోవడం సంగతి. దీంట్లో మొదట తేల్చాల్సింది శిక్ష కాదు, అసలు క్యాన్సిల్ చెయ్యడం ఎంత సులువు అనేది. చాలా యాప్‌లలో నేను చూసిన దరిద్రం ఏంటంటే ఆటకి ఆరు గంటల ముందో నాలుగు గంటల ముందో గడువు పెట్టి, అది దాటగానే క్యాన్సిల్ బటన్‌నే తీసేస్తారు. ఆలోచించండి, ఐదున్నరకి మేనేజరు మీటింగ్ పెట్టాడు, ఏడింటి ఆటకి నేను వెళ్ళలేను, చెప్దామంటే బటన్ లేదు, చెప్పినా చెప్పకపోయినా నా పేరు మీద రాలేదని మార్కు పడేదే, ఇంకెందుకు చెప్తాను? ఫోన్ జేబులో పెట్టేస్తా. గంటన్నర ముందే తెలిసిన ఖాళీ ఎవరికీ తెలియకుండా పోయింది. బటన్ ఆఖరి నిమిషం దాకా ఉండాలి. గడువు మూడు గంటల ముందు అనుకుందాం, దాని ముందు క్యాన్సిల్ చేస్తే ఏమీ లేదు, దాని తర్వాత చేస్తే మార్కు పడొచ్చు, కానీ ఆ స్లాట్‌ని ఇంకెవరైనా తీసుకుని ఆడితే మార్కు లేదు. ఈ చివరి ముక్క ఉంటే చాలు, రాలేనివాడే గ్రూపులో మెసేజ్ పెట్టి, ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేసి మనిషిని వెతికిపెడతాడు. తన వాళ్ళకి ఇచ్చుకుంటున్నాడు కదా అన్నారు ఒకాయన. ఇచ్చుకోనివ్వండి సార్, లైట్ల కింద నలుగురు ఆడుతున్నారు కదా, మనకి అంతకంటే ఏం కావాలి.

వెయిటింగ్ లిస్టులో కూడా ఒక తిరకాసు ఉంది. రేపటి స్లాట్ ఖాళీ అయితే లిస్టులో మొదటివాడికి ఆటోమేటిక్‌గా ఇచ్చెయ్యొచ్చు. కానీ ఆరు ఇరవైకి ఖాళీ అయిన ఏడింటి స్లాట్‌ని అలా ఇచ్చేస్తే? వాడప్పుడు కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఉంటాడు, మెసేజ్ చూడనే చూడడు, పాపం వాడి పేరు మీద నో-షో పడుతుంది. కాబట్టి చివరి మూడు గంటల్లో ఇవ్వకూడదు, అడగాలి. లిస్టులో అందరికీ ఒకేసారి మెసేజ్, ఎవడు ముందు సరే అంటే వాడిది.

ఇక శిక్ష. డబ్బు ఎందుకు వద్దంటానో చెప్తా. మొన్నటిదాకా మా దగ్గర రాకపోతే వంద రూపాయలు, నెల బిల్లులో కలిపేవాళ్ళం. ఏమైంది? అంతకుముందు రానప్పుడు మర్నాడు వచ్చి సారీ అన్నా, నిన్న కుదరలేదు అని తల గోక్కునేవాళ్ళు, ఫైన్ వచ్చాక ఆ సారీ కూడా పోయింది, "కట్టాం కదా బ్రో" అయింది. వంద రూపాయలకి శనివారం సాయంత్రం కోర్టు రిజర్వులో పెట్టుకోవచ్చు, వెళ్తే వెళ్తాం లేకపోతే లేదు, బిర్యానీ కంటే చవక! ఇది మా క్లబ్బు వింత ఏమీ కాదు. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ అని ఇద్దరు ఎకనామిస్టులు ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డేకేర్‌ల మీద చేసిన స్టడీ ఒకటి 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేటుగా వచ్చే పేరెంట్స్‌కి ఆరు డేకేర్‌లలో పది షెకెళ్ళ ఫైన్ పెట్టారు. లేటుగా వచ్చేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు, దాదాపు రెట్టింపు అయ్యారు. కొన్ని వారాల తర్వాత ఫైన్ తీసేసినా మళ్ళీ పాత స్థాయికి రాలేదు. నాకు అందులో భయం పుట్టించింది ఆ చివరి విషయమే, ఒకసారి సిగ్గుకి రేటు కట్టాక రేటు తీసేసినా సిగ్గు వెనక్కి రాలేదు. పెద్ద ఫైన్ వేస్తే పని చేస్తుందేమో, వెయ్యి, రెండు వేలు, కానీ అది రిటైర్డ్ టీచరుకి ఒకలా తగుల్తుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని చేసేవాడికి ఒకలా. కోర్టులో గంట మాత్రం ఇద్దరికీ ఒకటే.

అందుకే శిక్ష కూడా కోర్టు టైములోనే ఉండాలంటాను. 30 రోజుల్లో మూడు నో-షోలు పడితే పద్నాలుగు రోజులు పీక్ టైములో ముందస్తు బుకింగ్ బంద్. క్లబ్బులోకి రావద్దని కాదు, మధ్యాహ్నం ఆడుకోవచ్చు, సాయంత్రం ఖాళీ ఉంటే అప్పటికప్పుడు ఆడుకోవచ్చు, ముందుగా ఆపుకునే హక్కు ఒక్కటే పోతుంది. దేన్ని పాడు చేశాడో అదే కొన్నాళ్ళు ఉండదు.

30 రోజులంటే క్యాలెండర్ నెల కాదు, ఇది ముఖ్యం. నెలకి మూడు అని పెడితే జూన్ 26న ఒకటి, 29న ఒకటి, జులై 2న ఒకటి, 5న ఇంకోటి ఎగ్గొట్టినవాడికి ఏమీ కాదు, జూన్‌లో రెండు, జులైలో రెండు, అంతే. పది రోజుల్లో నాలుగుసార్లు కోర్టు ఖాళీగా పెట్టాడు, అయినా రికార్డు క్లీన్. వెనక్కి 30 రోజులు లెక్కేస్తే జులై 2నే మూడోది అవుతుంది, ఆ రోజు నుంచే బంద్. అదే ఇంకొకావిడ జూన్ 3న, జూన్ 20న రాలేదు, మళ్ళీ జులై 6న రాలేదు అనుకోండి, అప్పటికి జూన్ 3ది పాతబడి రాలిపోయింది, చేతిలో రెండే, ఏమీ కాదు. అలా రాలిపోవాలి కూడా, మనిషి మీద జీవితాంతం మచ్చ పెట్టే పని క్లబ్బుది కాదు.

మార్కు ఎవరికి పడాలి? బుక్ చేసినవాడికే అని మా వాళ్ళలో చాలామంది అన్నారు, నేను ఒప్పుకోలేదు. నలుగురి గ్యాంగ్ వంతులేసుకుని బుక్ చేస్తే ఒక్కొక్కడికి 30 రోజుల్లో రెండు మార్కులు ఊరికే వాడుకోవచ్చు, అంటే ఆ గ్యాంగ్ ఎనిమిది స్లాట్లు ఎగ్గొట్టినా ఒక్కడికీ శిక్ష పడదు. సరే అని నొక్కి పేరు పెట్టుకున్న నలుగురికీ పడాలి, ముందే పేరు తీసేసుకున్నవాడికి పడకూడదు. ఇద్దరు వచ్చి ఆడినా అది నో-షో కాదు, మిగతా ఇద్దరికీ ఏమీ అనక్కర్లేదు. కోర్టు వాడారా లేదా అనేదే మనకి కావాలి, అటెండెన్స్ తీసుకోవడానికి ఇది ఇంటర్ కాలేజీ కాదు.

డాక్టర్ల సంగతేంటి అని అడిగారు. ఆ మాట అడిగినాయన డాక్టరే. "బాబూ, కేసు వస్తే నేను ఓటీలో ఉంటాను, నీ బటన్ నొక్కనా, కత్తి పట్టనా?" అన్నారు. నిజమే. కానీ నా జవాబు ఏంటంటే, అంకుల్, మొదటి రెండూ మీకోసమే. మొదటి రెండిటికీ ఏ శిక్షా లేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగరు, కారణం చెప్పక్కర్లేదు. కారణాలు వినడం మొదలుపెడితే కమిటీ కూర్చుని ఎవరి జ్వరం నిజం, ఎవరిది దొంగది అని తీర్పులు చెప్పాలి, అప్పుడు సెక్రెటరీ గారి బావమరిదికి ఒక న్యాయం, కొత్తగా చేరినవాడికి ఒక న్యాయం అవుతుంది, మన క్లబ్బుల సంగతి మనకి తెలియంది కాదు. మినహాయింపు ఒక్కటే, తప్పు క్లబ్బుదైతే, అంటే కరెంటు పోయి జనరేటర్ ఆన్ కాకపోతే, వానకి రేకు కారి మ్యాట్ తడిసిపోతే, ఆ గంట అందరి మార్కులూ రద్దు.

రాలేదని ఎవరు రాయాలి అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం సిస్టం కూలేది ఇక్కడే. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించాం, వారం తిరక్కుండా దాని ఫోటో వాట్సాప్‌లో తిరిగింది, సోఫాలో కూర్చుని స్కాన్ చేసేస్తున్నారు. పోనీ అటెండర్ టిక్ పెడతాడు అనుకుంటే, ఆ అబ్బాయి జీతం ఇచ్చే కమిటీ మెంబర్‌నే రాలేదని ఎలా రాస్తాడు? "అన్నా, వచ్చిండని కొట్టెయ్" అంటే కొట్టేస్తాడు, వాడి తప్పేం లేదు. నాకు పని చేసేలా కనిపించింది లైట్లే. ఇండోర్ హాల్లో సాయంత్రం లైటు లేకుండా ఆడలేరు. బుకింగ్‌తో పాటు ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వస్తుంది, స్విచ్ బోర్డు పక్కన పెట్టిన కీప్యాడ్ మీద అది కొడితేనే ఆ కోర్టు లైట్లు వెలుగుతాయి. మొదలైన పది నిమిషాల్లోగా కోడ్ పడకపోతే స్లాట్ పోయినట్టు, అక్కడ నిలబడ్డవాళ్ళకి కొత్త కోడ్ వస్తుంది. ఇంట్లో ఉన్నవాడు ఫ్రెండ్‌కి ఫోన్‌లో కోడ్ చెప్పొచ్చు, చెప్పనివ్వండి, ఆ ఫ్రెండ్ వచ్చి ఆడతాడు కదా.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఒక చిన్న విషయం, సరదాగా ఉంటుంది. మా మొదటి యాప్‌లో పొద్దున పీక్‌కి రోజుకి ఒకటే బుకింగ్ అని లిమిట్ ఉండేది. పొద్దున్నే వచ్చే బ్యాచ్‌లో కొంతమంది ఐదు నుంచి ఏడు దాకా వరసగా రెండు గంటలు ఆడేస్తున్నారు, ఇంకొంతమందికేమో నిన్న పొద్దున ఆరింటికి ఆడినందుకు ఇవాళ ఐదింటికి లిమిట్ అయిపోయింది అంటోంది. కారణం ఏంటంటే సర్వరు రోజుని యూటీసీలో లెక్కపెడుతోంది, అక్కడ తేదీ మారేది మన టైము పొద్దున ఐదున్నరకి. అందుకని మన ఐదింటి స్లాట్ దానికి నిన్నటి రోజు, ఆరింటిది ఇవాళ్టిది. టైముని యూటీసీలో దాచుకున్నా పర్లేదు, రోజువారీ లిమిట్ మాత్రం `Asia/Kolkata` టైములో లెక్కపెట్టాలి. ఆ రెండు గంటల బ్యాచ్ ఇప్పటికీ నా మీద కోపంగానే ఉంది.

పాత మెంబర్లు ఇవన్నీ విని నవ్వుతారు. "మేం రాకెట్ వరసలో పెట్టి కూర్చునేవాళ్ళం, ఆ వరసే మా యాప్" అని ఒక పెద్దాయన అన్నారు. నేను ఆయనతో సగం ఏకీభవిస్తా. 21 పాయింట్ల డబుల్స్ గేము మా లెవెల్లో పావుగంటలో అయిపోతుంది. బుక్ చేసిన కోర్టులో గంటకి నలుగురే ఆడతారు, రాకెట్ వరస కోర్టులో గేముకో నలుగురు మారితే గంటకి పదహారు మంది ఆడతారు. గ్యాంగ్ లేని కొత్తవాడికి, ఇవాళే ఆడాలనిపించినవాడికి, పద్నాలుగు రోజులు బుకింగ్ బంద్ అయినవాడికి కూడా అదే దారి. అందుకని మూడింట్లో ఒక కోర్టు రోజూ కనీసం ఒక గంట అయినా బుకింగ్ లేకుండా వదలాలంటాను. ఆయనతో సగమే ఏకీభవించేది ఎందుకంటే రాకెట్ వరసకి ఖాళీ టైము ఉన్నవాడే గెలుస్తాడు. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చి పిల్లల హోంవర్క్ చూసి తొమ్మిదింటికి ఒక్క గంట ఆడుకోవాలనుకునే ఆవిడకి వరసలో కూర్చునే టైము లేదు, ఆమెకి బుకింగే న్యాయం.

ఇంతసేపూ మెంబర్ల గురించే మాట్లాడాను గానీ మొదట్లో వేసిన లెక్కలో ఒకటి కావాలనే వదిలేశా. మా కోచింగ్ బ్యాచ్ వారానికి ఐదు రోజులు ఆరు నుంచి ఏడు దాకా రెండు కోర్టులు తీసుకుంటుంది. పది స్లాట్లు. 84లోంచి పది తీసేస్తే 74, మనకి కావల్సింది 75. అంటే నో-షో ఒక్కటి కూడా లేకపోయినా చాలదు, రూల్స్ ఎంత బిగించినా. వాళ్ళకి మూడు రోజుల ముందు బుకింగూ లేదు, పేర్లూ లేవు, పరీక్షల టైములో పిల్లలు సగం మంది రాకపోయినా రెండు కోర్టులూ వాళ్ళవే. క్లబ్బుకి అద్దె వస్తుంది కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తరు. వచ్చే కాంట్రాక్టులో ఒక కోర్టుని మధ్యాహ్నం నాలుగున్నరకి జరపమని, మిగిలిన కోర్టు కూడా పిల్లలు ఎనిమిది మంది కంటే తక్కువ వస్తే ఆ గంట రాకెట్ వరసకి వదలమని రాసిచ్చాను. కోచ్ కుదరదన్నాడు, స్కూలు బస్సులు ఐదింటికి గానీ రావట. ట్రెజరర్ అద్దె తగ్గితే మ్యాట్ మార్చడానికి డబ్బు ఎక్కడిదన్నాడు. తర్వాతి మీటింగ్ అజెండాలో అది ఆఖరి ఐటం, దాని ముందు మళ్ళీ ఎవరో "నో-షో ఫైన్ ₹500కి పెంచుట" అని రాయించారు.